ముందు లేచే టైము సంగతి చూడండి

ఇంటర్ మొదటి పేపర్‌కి ముందు రాత్రి చాలా ఇళ్లలో ఒకటే తంతు. తొమ్మిదింటికల్లా టీవీ కట్టేస్తారు. పిల్లకి పెరుగన్నం పెట్టి, లైటార్పి, "పొద్దున్నే లేవాలి, ఇక పడుకో తల్లీ" అంటారు. పదిన్నరకి తలుపు తీసి చూస్తే ఆ పిల్ల తిరిగే ఫ్యాను వంకే చూస్తూ ఉంటుంది. పదకొండున్నరకి "ఇంకా పడుకోలేదా?" అని మళ్లీ వాకబు. ఆ మాటతో రాబోయే కాస్త కునుకూ ఎగిరిపోతుంది. చివరికి ఒంటిగంట దాటాక ఎప్పుడో కన్నంటుకుంటుంది. పొద్దున్న ఇంట్లో అందరూ అనేది ఒకటే: "టెన్షన్‌తో నిద్రపోలేదు."

టెన్షన్ ఉన్న మాట నిజమే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి సగం కారణం అది కాదు. రోజూ ఒంటిగంటన్నరకి పడుకునే పిల్లని తొమ్మిదిన్నరకి పడుకోబెట్టారు. ఆ వేళకి ఆ ఒంట్లో నిద్రకి తలుపులు తెరుచుకోనే లేదు.

ఇజ్రాయెల్‌కి చెందిన నిద్ర పరిశోధకుడు పెరెట్జ్ లావీ 1980లలో ఒక వింత ప్రయోగం చేశాడు. మనుషుల్ని రోజంతా ఏడు నిమిషాలు పడుకోమనడం, పదమూడు నిమిషాలు మేలుకోమనడం, మళ్లీ ఏడు నిమిషాలు పడుకోమనడం. ఎవరికి ఏ వేళలో నిద్ర సులువుగా పడుతోందో చూశాడు. మామూలుగా పడుకునే టైముకి ముందున్న రెండు మూడు గంటల్లో, రోజంతటిలోకీ నిద్ర పట్టడం కష్టమని తేలింది. పొద్దుపోయేకొద్దీ అలసట పెరుగుతుంటే, దానికి ఎదురుగా ఒంటి గడియారం మేలుకొలుపు పాడుతుంది. రాత్రి పదకొండింటికి మన పిల్లలు "ఇప్పుడే బుర్ర బాగా పనిచేస్తోంది" అంటారు చూడండి, అది బుకాయింపు కాదు. నిజంగానే పనిచేస్తుంటుంది.

పదమూడు పద్నాలుగేళ్లు వచ్చాక ఈ గడియారం వెనక్కి జరుగుతుంది. చీకటి పడ్డాక మెదడులో ఊరే మెలటోనిన్ అనే హార్మోను ఈ వయసులో ఆలస్యంగా మొదలవుతుంది. రోజంతా మేలుకున్నందుకు పేరుకునే నిద్రమత్తు కూడా చిన్నపిల్లల్లో పేరుకున్నంత త్వరగా పేరుకోదు. అమెరికాలో మేరీ కార్స్‌కాడన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు చేసిన పరిశోధనల సారం ఇదే. పదో తరగతి పిల్లాడికి పదిన్నర దాటినా నిద్ర రాకపోవడంలో పొగరేమీ లేదు. అయితే నిద్ర అవసరం మాత్రం తగ్గదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2016లో చెప్పింది. మన దగ్గర పరీక్షల నెలలో ఏడున్నర దక్కినా గొప్పే.

గడియారాన్ని ముందుకు జరపవచ్చు. కాకపోతే పడుకునే టైము పట్టుకుని లాగితే అది కదలదు. పడుకోమని ఎవర్నైనా మంచం మీదికి పంపగలం కానీ నిద్రపుచ్చలేం. లేపగలం మాత్రం. మన చేతిలో ఉన్నది లేచే టైమే.

ఒక ఇంటి సంగతి తీసుకుందాం. ఎంపీసీ రెండో ఏడాది చదివే అమ్మాయి. ప్రిపరేషన్ సెలవులు. రాత్రి ఒంటిగంటన్నరకి పడుకుని పొద్దున్న 8:30కి లేస్తోంది. మూడు వారాల్లో పరీక్షలు. పేపరు తొమ్మిదింటికి మొదలవుతుంది. సెంటరు కాస్త దూరం కాబట్టి ఇంట్లోంచి పావు తక్కువ ఎనిమిదికి బయటపడాలి. లేచిన వెంటనే మెదడు పూర్తిగా తేరుకోదు, అరగంటైనా పడుతుంది. ఇడ్లీ తిని, హాల్‌టికెట్ చూసుకుని, హడావిడి లేకుండా వెళ్లాలంటే ఆరింటికి లేవాలి. అంటే రెండున్నర గంటలు ముందుకి జరగాలి.

ఒకేసారి జరిపితే ఒళ్లు మొరాయిస్తుంది. అందుకని రెండేసి రోజులకి అరగంట చొప్పున జరపాలి. మొదటి రెండు రోజులు 8:00, తర్వాతి రెండు రోజులు 7:30, అలా 7:00, 6:30, 6:00. పది రోజుల్లో అయిపోతుంది. మిగిలిన పదకొండు రోజులు ఆ ఆరింటినే పట్టుకుని ఉండాలి. పడుకునే టైము గురించి ఇంట్లో ఎవ్వరూ ఒక్క మాట అనకూడదు. మొదటి రెండు మూడు రోజులు పిల్ల ఒంటిగంటకే పడుకుంటుంది. అంటే నిద్ర కాస్త తగ్గుతుంది. కంగారు పడొద్దు, ఆ తగ్గిన నిద్రే మర్నాటి రాత్రి ఆమెని ముందుగా మంచం ఎక్కిస్తుంది. చదివిన వాక్యాన్నే మళ్లీ చదువుతోందంటే, ఆవలింతలు మొదలయ్యాయంటే పుస్తకం మూసేయమనండి. సాధారణంగా ఆరింటికి లేవడం అలవాటయ్యేసరికి రాత్రి పదిన్నర పదకొండు మధ్య కళ్లు వాలతాయి.

నడుమ ఒక మెట్టు మీద ఆగిపోవడం మామూలే. ఏడింటికి లేస్తున్నా ఇంకా ఒంటిగంట దాకా నిద్ర పట్టడం లేదంటే అక్కడే ఇంకో రెండు రోజులు ఉండండి, తొందరపడి ఆరున్నరకి లేపకండి. ఈ పనిని చెడగొట్టేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఆదివారం: "పాపం, ఈ ఒక్కరోజు పడుకోనీ" అని తొమ్మిదిన్నర దాకా వదిలేస్తే మూడు నాలుగు రోజుల కష్టం వెనక్కి పోతుంది. రెండోది మధ్యాహ్నం భోజనమయ్యాక రెండు గంటలు లాగించే నిద్ర. రాత్రికి పనికొచ్చే నిద్రమత్తంతా అక్కడే ఖర్చయిపోతుంది. మూడింటిలోపు ఇరవై, ఇరవై ఐదు నిమిషాల కునుకైతే ఇబ్బంది లేదు, మంచిదే.

లేవగానే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. వెలుతురులోకి రావాలి. గడియారాన్ని ముందుకి జరిపే అసలు శక్తి పొద్దుటి వెలుగుది. ఇంట్లో ట్యూబులైటు కింద వెలుగు లక్సుల లెక్కలో వందల్లోనే ఉంటుంది. డాబా మీద నీడపట్టున కూర్చున్నా వేలల్లో ఉంటుంది. పాలో, టీయో తాగుతూ అరగంట డాబా మీదో, అరుగు మీదో ఫార్ములాలు తిరగేస్తే సరిపోతుంది. ఎండలో మాడనక్కర్లేదు.

ఇక్కడ పెద్దవాళ్లతో ఒక పేచీ వస్తుంది. "తెల్లారుజామున నాలుగింటికి లేచి చదివితే బుర్రకెక్కుతుంది" అని తాతయ్యలు అంటారు. తొమ్మిదింటికి పడుకుని నాలుగింటికి లేచే మనిషికి అది నూటికి నూరుపాళ్లు నిజం. ఒంటిగంటకి పడుకున్న పిల్లని నాలుగింటికి లేపితే దక్కేది మూడు గంటలు. పైగా కలలొచ్చే నిద్ర ఎక్కువగా రాత్రి చివరి భాగంలోనే ఉంటుంది. కోత పడేది దానికే. దానికంటే విచిత్రమైన నష్టం మరొకటి. రాత్రిపూట ఒంటి వేడి బాగా తగ్గే వేళ ఒకటుంటుంది. అది సుమారుగా మనం మామూలుగా లేచే టైముకి రెండు మూడు గంటల ముందు వస్తుంది. ఆ వేళ దాటాక కంటిలో పడే వెలుగు గడియారాన్ని ముందుకి జరుపుతుంది. దానికి ముందు పడితే వెనక్కి నెడుతుంది. ఎనిమిదిన్నరకి లేచే అలవాటున్న పిల్లకి ఆ వేళ ఇంచుమించు ఐదున్నర, ఆరు. నాలుగున్నరకే లేపి పెద్ద లైటు కింద కూర్చోబెడితే ఆ మర్నాడు నిద్ర ఇంకా ఆలస్యమవుతుంది. మెట్లు మెట్లుగా వెళ్లమనడం అందుకే.

వారమే మిగిలి ఉంటే? అంతా సాధించలేరు. లేచే టైము ఏడుకి తెచ్చి, రెండు రోజులాగి ఆరున్నరకి తెచ్చినా పరీక్ష రోజుకి అరగంట తేడాయే ఉంటుంది. అది ఒళ్లు భరిస్తుంది.

గడియారం ఒక సంగతి, భయం ఇంకో సంగతి. రెండూ కలిసి ఉన్నప్పుడు ఏది ఎంత అని తెలుసుకోవడానికి ఒక మోటు గుర్తు ఉంది. అర్ధరాత్రి దాటాక పడుకున్నా, పడుకున్న పది నిమిషాల్లో నిద్రపోయి, లేపకపోతే తొమ్మిది దాకా హాయిగా పడుకునే పిల్లకి గడియారం సమస్య. కళ్లు మండుతున్నాయి, ఒళ్లు తూలుతోంది, కానీ తల దిండు మీద పెట్టగానే "కెమిస్ట్రీ రివిజన్ కాలేదు, మార్కులు తగ్గితే ఎంసెట్..." అంటూ తలలో మోత మొదలైతే అది భయం. మూడింటికి దిగ్గున మెలకువొచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం రోజూ జరుగుతుంటే అదీ ఎక్కువగా భయం, దిగులు లెక్కలోకే వస్తుంది.

ఈ రెండో రకానికి "టెన్షన్ పడకు" అనే మాట ఏమాత్రం పనిచేయదు. "అమ్మా, రేపు అంతా మర్చిపోతానేమో" అంటుంది పిల్ల. "ఏం కాదమ్మా, నువ్వు బాగా చదివావుగా" అంటుంది తల్లి. ఐదు నిమిషాలు ఊరట. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు. భయానికి ఓదార్పు అలవాటైతే ఓదార్పు లేకుండా నిద్ర పట్టదు. దానికి బదులు "ఏ చాప్టర్ గుర్తొచ్చి భయమేస్తోంది నాన్నా?" అని అడిగి చూడండి. "అంతా" అన్న భయం కాస్తా "డెఫినిట్ ఇంటిగ్రల్స్" అన్న పేరుకి వచ్చి ఆగుతుంది. పేరున్న భయానికి ఒక టైము, ఒక పని కేటాయించవచ్చు.

ఈ పనికి మంచి వేళ రాత్రి పడుకునేటప్పుడు కాదు, సాయంత్రం ఏడింటి ప్రాంతం. నోట్‌బుక్‌లో పేజీ మధ్యన గీత గీసి, ఎడమవైపు తొలుస్తున్నవన్నీ రాయాలి. కుడివైపు ఒక్కోదానికి ఎదురుగా తర్వాత చేయబోయే ఒకే ఒక్క పని. "మ్యాథ్స్ 2బి పోతుందేమో" అని ఎడమవైపు ఉంటే, కుడివైపు "బాగా చదవాలి" అని రాస్తే లాభం లేదు. "రేపు పది నుంచి పదకొండున్నర దాకా పాత పేపర్లలోంచి డెఫినిట్ ఇంటిగ్రల్స్ మీద నాలుగు ఏడు మార్కుల లెక్కలు, పుస్తకం చూడకుండా" అని రాయాలి. కొన్నింటికి ఎదురుగా రాయడానికి ఏమీ ఉండదు. "పక్కింటి అన్నయ్యకి 980 వచ్చాయి" లాంటివి. అక్కడ ఒక గీత పెట్టి వదిలేయడమే. పది నిమిషాల్లో ముగించి పుస్తకం మూసేయాలి.

పడుకునే ముందు ఇంకో ఐదు నిమిషాలు రేపటి పనుల జాబితా రాసుకోవచ్చు. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్కలిన్ బృందం 57 మంది కుర్రవాళ్ల మీద దీన్ని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించింది. రేపు చేయాల్సినవి రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. తొమ్మిది నిమిషాలంటే పెద్ద అద్భుతమేమీ కాదు, చిన్న పరిశోధనే. కానీ జాబితా ఎంత వివరంగా ఉంటే నిద్ర అంత త్వరగా పట్టిందన్నది గమనించదగ్గ మాట. మోయాల్సిన బరువుని కాగితానికి అప్పగించామని మెదడు నమ్మాలంటే కాగితం మీద స్పష్టంగా ఉండాలి.

ఇన్ని చేసినా ఏదో ఒక రాత్రి నిద్ర పట్టదు. ఇరవై నిమిషాలు దాటిందనిపిస్తే లేచి కూర్చోవాలి. గడియారం చూడకూడదు, అంచనా చాలు. మంచం మీదే దొర్లుతూ ఉంటే, మంచమంటేనే మెలకువ అని ఒంటికి పాఠమైపోతుంది. నిద్రలేమికి మానసిక వైద్యులు నేటికీ నేర్పే ఈ పద్ధతి 1970లలో రిచర్డ్ బూట్‌జిన్ రూపొందించినది. చిన్న లైటులో పాత వారపత్రికో, ముందే చదివేసిన కథో తిరగేసి, కళ్లు బరువెక్కాక వెళ్లి పడుకోవాలి. ఫార్ములాలు మాత్రం ముట్టుకోకూడదు. ఇదే కారణంగా పగలు మంచం మీద పడుకుని చదవొద్దంటారు. రెండు గదుల ఇంట్లో టేబుల్ ఎక్కడిదంటారా? పగలు పరుపు చుట్టేసి, గదికి అవతలి మూల చాప వేసి గోడకి ఆనుకుని కూర్చుంటే చాలు. చదివే చోటు వేరు, పడుకునే చోటు వేరు అని ఒంటికి తెలిస్తే సరి.

ఫోను విషయంలో నీలి వెలుగు గురించి అందరూ తెగ మాట్లాడతారు. నాకైతే ఆ వెలుగుకంటే రాత్రి పదకొండున్నరకి క్లాసు వాట్సాప్ గ్రూపులో వచ్చే "రేపటికి ఇవి పక్కా ఇంపార్టెంట్" అనే మెసేజీ ఎక్కువ ప్రమాదమనిపిస్తుంది. దాంతో పాటే "నాకు మూడు రివిజన్లు అయ్యాయి, నీకు?" పేపరు బయటికొచ్చిందట అనే పుకార్లు సరేసరి. పది దాటాక ఫోను హాల్లో ఛార్జింగ్‌లో ఉండాలి. అమ్మానాన్నలవీ అక్కడే ఉంటే పేచీ తగ్గుతుంది. అలారానికి రెండు మూడు వందల గడియారం ఒకటి కొనండి.

టీ, కాఫీల లెక్క తేలిక. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి ఐదారు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటి కాఫీ పదకొండింటికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. ఎనర్జీ డ్రింకులు అసలే వద్దు. ఇక నిద్ర కోసం దగ్గు మందు, జలుబు మాత్ర, అమ్మమ్మ వాడే నిద్రమాత్రలో సగం ముక్క ఇవ్వడం చాలా ఇళ్లలో గుట్టుగా జరుగుతుంది. వాటి మత్తు పొద్దున పరీక్ష హాల్లోనూ వదలదు. గుండె దడ తగ్గుతుందని ఎవరో చెప్పిన ప్రొప్రనలాల్ మాత్ర ఆస్తమా ఉన్న పిల్లలకి ప్రాణాపాయం కావచ్చు. డాక్టరు చూసి రాయకుండా ఏ మాత్రా ఇవ్వకండి.

పగటి పూట భయాన్ని తగ్గించే పనుల్లో నేను మొదట చెప్పేది, వారానికి రెండుసార్లు సరిగ్గా తొమ్మిదింటికి పాత పేపరు ముందేసుకుని మూడు గంటలు రాయడం. ప్యాడు, పెన్ను, నీళ్ల సీసా, చేతి గడియారం, అంతే. మధ్యలో లేవకూడదు. చదివినదాన్ని మళ్లీ చదవడంకంటే గుర్తు తెచ్చుకుని రాస్తే ఎక్కువ కాలం నిలుస్తుందని ఎన్నో పరిశోధనలు చూపించాయి. దానికి తోడు, ఒక ప్రశ్న రాక చేతులు చల్లబడే ఆ క్షణం ఇంట్లోనే రెండు మూడుసార్లు వచ్చి పోతుంది. అప్పుడేం చేయాలో ఇంట్లోనే నేర్చుకోవచ్చు: పెన్ను కింద పెట్టి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. అలా ఏడెనిమిది సార్లు. వదిలే ఊపిరి నిదానమైతే గుండె వేగం కొద్దిగా దిగుతుంది. తర్వాత వచ్చిన ప్రశ్నకి వెళ్లాలి. మార్కులు దిద్దడానికి మీరు కూర్చోకండి, తనే దిద్దుకుంటుంది.

హాస్టల్‌లో ఉన్నవాళ్లకి ఇందులో చాలా భాగం వాళ్ల చేతిలో ఉండదు. రాత్రి పది దాటేదాకా స్టడీ అవర్స్, పొద్దున ఐదింటికి బెల్లు ఉండే చోట్ల లేచే టైము సమస్య కాదు, మొత్తం నిద్రే సమస్య. అక్కడ మధ్యాహ్నం భోజన విరామంలో ఇరవై నిమిషాల కునుకు విలువైనది. వార్డెన్‌తో మాట్లాడి, స్టడీ అవర్స్ అయ్యాక రూములో లైటు ఆర్పే టైము ఖరారు చేయించడం తల్లిదండ్రులు చేయగల పని. ఫోన్‌లో "ఎంతవరకు అయింది?" అన్నది మొదటి ప్రశ్న కాకుండా చూసుకోవడం ఇంకో పని.

కొన్ని గుర్తులు కనబడితే పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకోకూడదు. రెండు వారాలుగా నిద్ర, తిండి రెండూ పోవడం, రోజూ పొద్దున్నే వాంతులు, ఊపిరాడనంత దడ, స్నేహితులతో మాటలు మానేయడం, "నేను లేకపోతే మీకే నయం" లాంటి మాటలు. అలాంటి మాట విన్నప్పుడు "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్నది చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు, మాత్రలు అందుబాటులో లేకుండా తీసేసి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి-మానస్ 14416 నంబరుకి రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఫెయిలైతే ఏమవుతుందన్నది కూడా ముందే, మామూలు గొంతుతో ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి. ఇంటర్‌కి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలుంటాయి, రీకౌంటింగ్ ఉంటుంది. పిల్లలకి ఇవి తెలుసు. తల్లిదండ్రులకి తెలుసని వాళ్లకి తెలియదు.

ఇక మొదటి పేపరు ముందు రాత్రి. ఆ రోజు కొత్తగా ఏదీ చేయకూడదు. పడుకునే టైము నిన్నటిదే, తిండి నిన్నటిదే. హాల్‌టికెట్, పెన్నులు సాయంత్రమే సంచిలో పెట్టేయాలి. నిద్ర సరిగా పట్టకపోతే ఏమవుతుంది? ముందు వారమంతా బాగా పడుకున్న పిల్లకి ఒక్క రాత్రి తక్కువైతే కాస్త చిరాకు, కాస్త మందకొడితనం ఉంటాయి కానీ చదివింది చెరిగిపోదు. "నిద్రపోలేదు, ఇక అయిపోయింది" అన్న బెంగ చేసే నష్టమే ఎక్కువ. కాబట్టి పొద్దున "రాత్రి పడుకున్నావా?" అని అడగకండి. టిఫిన్ ఏం పెట్టమంటావో అడగండి.

అసలు చిక్కు పరీక్ష రాసొచ్చాక ఉంటుంది. పేపరుకీ పేపరుకీ మధ్య తరచుగా ఒక రోజు ఖాళీ వస్తుంది. పన్నెండింటికి రాసి, ఇంటికొచ్చి తిని, ఒంటిగంటన్నరకి పడుకున్న పిల్ల ఐదింటికి లేస్తుంది. రాత్రి రెండు దాకా నిద్ర రాదు, మర్నాడు తొమ్మిదికి లేస్తుంది. మూడు వారాలుగా జరిపి నిలబెట్టిన గడియారం ఒక్క మధ్యాహ్నంతో వెనక్కి పోతుంది. మూడో పేపరుకల్లా మళ్లీ మొదటికొచ్చేస్తారు. అందుకని ఆ మధ్యాహ్నం అరగంటకి అలారం పెట్టి పడుకోమనండి. ముందు రాత్రి నాలుగు గంటలే పడుకుని ఉంటే గంటన్నర దాకా పర్లేదు, మూడున్నర దాటకూడదు. పేపరు ఎలా రాసిందో, ఏ బిట్టుకి జవాబేమిటో పోల్చి చూసే పని ఆఖరి పరీక్ష అయ్యాక పెట్టుకోండి. మర్నాడు ఖాళీ అయినా లేచేది ఆరింటికే.